ముర్కి దాకా వెళ్లిన వీడియో, వెళ్లని ఒక్క మాట

2018 వేసవి మొదట్లో జోగులాంబ గద్వాల జిల్లాలో ఊళ్లు తిరిగే కానిస్టేబుళ్లకు ఒక వింత కనిపించింది. ఆ ప్రాంతంలో ఎండాకాలం రాత్రిళ్లు ఇంట్లో పడుకునేవాళ్లు తక్కువ. పొద్దు గూకగానే వాకిట్లో నీళ్లు చల్లి, మంచాలు బయటికి తెచ్చుకుని, పిల్లాపాపలతో ఆరుబయటే నిద్రపోతారు. ఆ ఏడాది మాత్రం చీకటి పడితే వీధులు ఖాళీ. అంత ఉక్కలోనూ జనం తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి చూపించారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందట, పిల్లల్ని కోసి అవయవాలు తీసుకుపోతున్నారట. చూడలేనంత ఘోరమైన ఫొటోలు, వీడియోలు, వాటి కింద తెలుగులో హెచ్చరికలు.

అప్పటికి ఆ జిల్లాలో పిల్లలు మాయమైందీ లేదు, ఎవరిమీదా దాడి జరిగిందీ లేదు. జరిగిన మార్పు ఒక్కటే, మంచాలు లోపలికి వెళ్లాయి. మూకదాడుల గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఈ చిన్న గమనింపే. దాడి జరిగాక జనం ఎందుకలా చేశారని అందరూ అడుగుతారు. దాడికి చాలా ముందే ఊరు ఎలా మారిందో చూసినవాళ్లు చాలా తక్కువ.

అప్పట్లో తిరిగిన వీడియోల్లో ఒకటి నా ఫోన్‌కూ వచ్చింది. పంపింది మా పిన్ని. సన్నటి వీధి, క్రికెట్ ఆడుకుంటున్న పిల్లలు. బైకు మీద ఇద్దరు వస్తారు, వెనక కూర్చున్నవాడు ఒక పిల్లాణ్ని ఎత్తి బండి మీద వేసుకుంటాడు, బండి దూసుకుపోతుంది, మిగతా పిల్లలు వెంట పరిగెత్తుతారు. వీడియో అక్కడితో అయిపోతుంది. అసలు వీడియో మాత్రం అక్కడ అయిపోదు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తల్లిదండ్రుల్ని హెచ్చరించడానికి తీసిన ప్రచార చిత్రం. ఆ బైకు మళ్లీ వెనక్కి వస్తుంది, పిల్లాణ్ని దింపుతారు, కరాచీ వీధుల్లోంచి పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలని రాసిన బోర్డు చూపిస్తారు. ఆ చివరి కొన్ని క్షణాలు ఎవరో కత్తిరించారు. మిగిలింది దొంగతనానికి రుజువుగా బెంగళూరుకూ ధూలేకూ గద్వాలకూ వచ్చింది. దానికి తోడుగా తిరిగిన మరికొన్ని ఫొటోలు 2013లో సిరియాలో రసాయన దాడిలో చనిపోయిన పిల్లలవి. తెల్లటి గుడ్డల్లో వరసగా ఉన్న ఆ చిన్న దేహాలకు అవయవాలు తీసేసిన పిల్లలని పేరు పెట్టారు.

ఇది నిజమా అని పిన్నిని అడిగితే, "ఏమోరా, నాకూ తెలీదు. ఎందుకైనా మంచిదని పంపా" అంది. పుకారు నడిచే ఇంధనం ఈ "ఎందుకైనా మంచిది"లోనే ఉంది. మామూలుగా మనం పుకార్లను నమ్మి పంచుతున్నామని అనుకుంటాం. చాలామంది నమ్మకుండానే పంచుతారు. లెక్క చూస్తే అందులో తప్పు కనిపించదు కూడా. ఇది అబద్ధమైతే పంపినందుకు పోయేదేమీ లేదు, నిజమైతే పంపనందుకు ఒక పిల్లవాడి ప్రాణం పోవచ్చు. ప్రతి మనిషీ విడిగా ఈ లెక్కే వేసుకుని పంపుతాడు. అందుకునేవాడికి మాత్రం ఆ సందేహం కనబడదు, పంపినవాళ్ల పేరే కనబడుతుంది. పదిమంది అనుమానపడుతూ పంపింది పదకొండోవాడికి పదిచోట్లనుంచి వచ్చిన కబురు అవుతుంది. అప్పుడు ఆ పదకొండోవాడు మన సామెత ఎత్తుకుంటాడు, నిప్పు లేనిదే పొగ రాదని. పొగ వస్తున్న చోట్లన్నీ ఒకే కరాచీ వీడియో అని అతనికి తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక పాత పరిశోధన చెప్పుకోవాలి. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పట్నా ప్రాంతంలో పుట్టిన పుకార్లను సేకరించాడు. ఫలానా తేదీన తుపాను వస్తుందని, నేపాల్ సరిహద్దునుంచి వరద ముంచుకొస్తోందని, చంద్రగ్రహణం నాడు మళ్లీ భూమి కంపిస్తుందని, ఇలా అన్నీ రాబోయే కీడు గురించినవే. విచిత్రమేమిటంటే, ఈ పుకార్లు వచ్చింది భూమి గట్టిగా కదిలినా నష్టం పెద్దగా జరగని చోట. ఇరవై ఏళ్ల తర్వాత అమెరికా పరిశోధకుడు లియాన్ ఫెస్టింగర్ ఈ సంగతి దగ్గర ఆగిపోయాడు. బతికి బయటపడ్డవాళ్లకు ఊరటనిచ్చే పుకార్లు కదా పుట్టాలి, ఇంకా భయపెట్టేవి ఎందుకు పుట్టాయి? అతను చెప్పిన జవాబు ఇది. జనంలో భయం అప్పటికే ఉంది. చుట్టూ చూస్తే ఇళ్లు నిలిచే ఉన్నాయి, భయపడటానికి కారణం కనబడదు. కారణం లేని భయాన్ని మోయడం మనిషికి కష్టం. ఆ భయానికి తగ్గ కారణాన్ని పుకారు తెచ్చి ఇస్తుంది. నిజంగా దెబ్బ తిన్న చోట ఆ అవసరం ఉండదు, అక్కడ భయానికి కారణం కళ్లముందే కూలి ఉంటుంది.

పుకారు భయాన్ని పుట్టిస్తుందని అనుకుంటాం గానీ, ఎక్కువసార్లు భయమే ముందు ఉంటుంది. పిల్లల విషయంలో ఆ భయం మనలో ఎప్పుడూ ఉన్నదే. అన్నం తినకపోతే బూచోడు ఎత్తుకుపోతాడని, సంచివాడు వస్తున్నాడని మన అమ్మమ్మలు అన్నారు, మనమూ అన్నాం. తెలియని మనిషి, భుజాన సంచి, పిల్లలు మాయం కావడం అనే కథ మన బుర్రల్లో చిన్నప్పుడే అచ్చయి ఉంది. 2018 వీడియోలు ఆ పాత కథకు కొత్త బొమ్మలు అతికించాయి. వాటితోపాటు ఒక పేరు కూడా వచ్చింది, పార్ధీ గ్యాంగ్ అని. పార్ధీలు వేట మీద బతికిన సంచార జాతి. 1871నాటి నేరస్థ జాతుల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం అలాంటి ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర పోలేదని చెప్పడానికి, 2018లో తెలుగు ఊళ్లలో ఆ పేరు అంత సులువుగా నోళ్లలో నానడమే సాక్ష్యం.

పుకార్లన్నీ ప్రాణాలు తియ్యవు. మా చిన్నప్పుడు "ఓ స్త్రీ రేపు రా" అని తలుపుల మీద రాయని వీధి లేదు. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి తలుపు తడుతుందని, ఆ రాత చదివి తిరిగి వెళ్లిపోతుందని చెప్పుకునేవాళ్లు. అది కూడా భయమే, ఊళ్లకు ఊళ్లు పాకిన పుకారే. కానీ దానివల్ల తలుపుల మీద సుద్దముక్క గీతలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. దయ్యం రోడ్డు మీద నడుచుకుంటూ ఎదురుపడదు కాబట్టి దాన్ని పట్టుకుని కొట్టే వీలు లేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడి పుకారు అలా కాదు. అది ఒక వర్ణన ఇస్తుంది. కొత్త ముఖం, మన భాష రాదు, మాసిన బట్టలు లేదా తెలియని కారు, పిల్లలకు తినడానికి ఏదో ఇస్తాడు. ఆ వర్ణనకు సరిపోయే మనిషి ఏ ఊళ్లోనైనా వారంలో ఒక్కసారైనా కనబడతాడు. బిచ్చగాడు, దుప్పట్లమ్మే వ్యాపారి, మతి స్థిమితం లేనివాడు, దారి తప్పిన యాత్రికుడు, ఎవరైనా కావచ్చు. ఆ ఏడాది మే నెలలో తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో మూక దెబ్బలకు చనిపోయిన పెద్దావిడ కులదైవం గుడికి వెళ్తూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో సంత రోజున చనిపోయిన అయిదుగురూ భిక్షాటన మీద బతికే సంచార జాతివాళ్లు.

ఆ వర్ణన మనిషిమీద ఎలా వాలుతుందో దగ్గరగా చూడాలంటే బీదర్ జిల్లాకు వెళ్లాలి. 2018 జూలై 13, శుక్రవారం. హైదరాబాద్‌నుంచి కొందరు స్నేహితులు కారులో కర్ణాటకలోని ఔరాద్ తాలూకాకు బయల్దేరారు. వాళ్లలో ఒకరి సొంత ఊరు అక్కడి హండికేర. వాళ్లతో ఖతార్ నుంచి వచ్చిన ఒక స్నేహితుడూ ఉన్నాడు. ఊరి దగ్గర ఆగారు. బడి వదిలిన పిల్లలు కనబడితే ఆ ఖతార్ స్నేహితుడు తను తెచ్చిన విదేశీ చాక్లెట్లు పంచాడు. మన ఇంటికి గల్ఫ్ నుంచి వచ్చిన బంధువు చేసే పనే అది.

చూసినవాళ్లు వచ్చి నిలదీశారు. వాదన పెరిగింది. తమలో ఒకరిది ఆ ఊరేనని చెప్పారు, సర్దిచెప్పాలని చూశారు. అనుమానం పోలేదు. ఇంతలో ఎవరో ఫోన్‌లో వీడియో తీసి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు పారిపోతున్నారని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. గొడవ ముదురుతోందని స్నేహితుల్లో కొందరు కారెక్కి వెళ్లిపోయారు. ఆ దారిలోనే ముర్కి అనే ఊరు ఉంది. కారుకంటే వీడియో ముందు చేరింది. అక్కడివాళ్లు రోడ్డుకు అడ్డం పెట్టి సిద్ధంగా ఉన్నారు. వేగంగా వచ్చిన కారు ఒక బైకును తాకి, అదుపు తప్పి రోడ్డు పక్క గోతిలో పడింది. వందలమంది చుట్టుముట్టారు. లోపలున్నవాళ్లను బయటికి లాగి కొట్టారు. పోలీసులు వచ్చి ఆపాలని చూస్తే వాళ్లకూ దెబ్బలు తగిలాయి. ముప్పై ఏళ్లు దాటిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మిగతావాళ్లు తీవ్ర గాయాలతో బయటపడ్డారు. ఆ వీడియో పంచిన గ్రూపు అడ్మిన్‌తో సహా పాతికమందికి పైగా అరెస్టయ్యారు.

ఈ సంఘటనలో నన్ను వదలని విషయం ఒకటుంది. చాక్లెట్లు పంచడం కళ్లారా చూసింది మొదటి ఊరివాళ్లు. అక్కడ జరిగింది వాదన, తోపులాట. ప్రాణం తీసింది ఏమీ చూడని రెండో ఊరివాళ్లు. చూసినవాళ్లకు ఆ మనుషుల ముఖాలు కనబడ్డాయి, మాట వినబడింది, సందేహానికి కొంత చోటు మిగిలింది. ముర్కి జనానికి అందింది తీర్పు మాత్రమే. ఆ తీర్పును వాళ్లు పరీక్షించే అవకాశం వచ్చేసరికి జరిగిన ప్రతిదీ రుజువులాగే కనబడింది. కారు వేగంగా వస్తోంది, దొంగలు కాకపోతే ఎందుకంత వేగం? అడ్డం పెట్టినా ఆగలేదు, ఎందుకు ఆగలేదు? భయపడి పారిపోయే అమాయకుడూ పట్టుబడకుండా పారిపోయే దొంగా బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటారు. ఒకసారి పుకారు చెవిన పడ్డాక, ఎదుటి మనిషి నిర్దోషి అని చూపించే పని అంటూ ఏదీ మిగలదు. నిలబడి మాట్లాడితే నటిస్తున్నాడంటారు, కదిలితే దొరికాడంటారు.

ఇలాంటి ఘటన జరగ్గానే వినిపించే మాట, జనానికి పూనకం వచ్చిందని, మూకకు మెదడు ఉండదని. ఈ ఆలోచన కొత్తది కాదు. 1895లో గుస్తావ్ లె బాన్ అనే ఫ్రెంచి రచయిత గుంపులో కలిసిన మనిషి తన బుద్ధిని పోగొట్టుకుని ఆదిమ స్థితికి జారిపోతాడని రాశాడు. ఆ మాట నూరేళ్లకు పైగా చెల్లుబాటైంది. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ముర్కిలో రోడ్డుకు అడ్డం పెట్టడం పూనకం కాదు, ఆలోచించి చేసిన పని. అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది తమ పిల్లల్ని కాపాడుకుంటున్నామనే అనుకుని ఉంటారు. అది వాళ్ల నేరాన్ని తగ్గించదు. కానీ పిచ్చి అని కొట్టిపారేస్తే, ఆ పిచ్చి కొన్ని ఊళ్లలో ఎందుకు ఎక్కింది, అవే వీడియోలు చూసిన వేల ఊళ్లలో ఎందుకు ఎక్కలేదు అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

ఆ ప్రశ్నకు నేను చూసినవాటిలో గట్టి జవాబు 1978లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఇచ్చాడు. అతని ఆలోచన చాలా సరళం. దాన్ని మన గడపతో పోల్చి చెప్తాను. ప్రతి మనిషికీ ఒక గడప ఉంటుంది. ఎంతమంది ముందుకు దిగితే తనూ దిగుతాడన్నదే ఆ గడప ఎత్తు. గడప సున్నా ఉన్నవాడు ఎవరూ లేకపోయినా రాయి విసురుతాడు. ఒకటి ఉన్నవాడు ముందు ఒకడు విసరాలని చూస్తాడు. యాభై ఉన్నవాడు యాభైమంది దిగేదాకా గోడకు ఆనుకుని నిలబడతాడు.

ఇప్పుడు ఒక కూడలిలో వందమంది ఉన్నారనుకోండి. వాళ్ల గడపలు వరసగా సున్నా, ఒకటి, రెండు, మూడు, అలా తొంభైతొమ్మిది దాకా. సున్నావాడు రాయి విసిరాడు. దాన్ని చూసి ఒకటివాడు, ఇద్దర్నీ చూసి రెండువాడు, ముగ్గుర్నీ చూసి మూడువాడు. చివరికి వందమందీ దిగుతారు. మర్నాడు పేపర్లో వందమంది మూకగా దాడి చేశారని వస్తుంది. ఇప్పుడు అదే కూడలిలో ఒక్క మార్పు చేద్దాం. గడప ఒకటి ఉన్నవాడి స్థానంలో గడప రెండు ఉన్న ఇంకొకడు నిలబడ్డాడు. సున్నావాడు రాయి విసిరాడు. మిగతావాళ్లలో ఎవరి గడపా ఒకటి కాదు. రెండువాళ్లు ఇద్దరున్నారు గానీ, వాళ్లు దిగాలంటే ముందు ఇద్దరు దిగి ఉండాలి, దిగింది ఒక్కడే. అక్కడితో ఆగిపోతుంది. పేపర్లో ఒక తాగుబోతు రాయి విసిరాడని నాలుగు లైన్లు వస్తాయి, అదీ వస్తే. ఈ రెండు గుంపుల్లో తొంభైతొమ్మిది మంది ఒకే రకం మనుషులు. కోపం, భయం, సంస్కారం అన్నీ ఒకటే. తేడా ఒక్క మనిషి, అదీ ఒక్క మెట్టు.

ఈ లెక్కలో నాకు రెండు సంగతులు ముఖ్యంగా కనబడతాయి. ఒకటి, జరిగిన దారుణాన్ని బట్టి ఊరంతా క్రూరులని నిర్ణయించలేం, జరగనంత మాత్రాన ఇంకో ఊరు మంచిదనీ అనలేం. రెండోది, ఆపగలిగే సమయం మొదట్లోనే ఉంటుంది. ఇద్దరు ముగ్గురి దగ్గర ఉన్నప్పుడు ఊరి పెద్ద ఒకాయన అడ్డం నిలబడి "ఆగండ్రా, ముందు పోలీసుల్ని పిలుద్దాం" అంటే గడపలన్నీ ఒక్కో మెట్టు ఎత్తు పెరుగుతాయి. యాభైమంది దిగాక అదే పెద్దాయన అరిచినా వినబడదు.

ఫోన్ ఈ లెక్కను ఎక్కడ మార్చిందంటే, గుంపును చూడటానికి ఇప్పుడు కూడలికి వెళ్లక్కర్లేదు. కోపంగా చుట్టుముట్టిన పదిహేనుమంది ఉన్న వీడియో ముర్కిలో ఇంట్లో కూర్చున్నవాడికి చేరిందంటే, గడప పదిహేను ఉన్నవాడు ఇంట్లోనే దాన్ని దాటేశాడు. ఒకటి, రెండు, మూడు అంటూ నెమ్మదిగా ఎక్కాల్సిన మెట్లు, మధ్యలో ఎవరైనా ఆపగలిగే మెట్లు, పక్క ఊళ్లో అప్పటికే ఎక్కేసి ఉన్నాయి. రెండో ఊరు మొదటి ఊరికంటే ఎందుకు ప్రమాదమైందో నాకు ఇలా అర్థమైంది.

మూకదాడికి ముందు ఊరిలో కనబడే గుర్తులూ ఈ లెక్కలోనే ఇముడుతాయి. మంచాలు లోపలికి వెళ్లడం మొదటి గుర్తు, అప్పటికింకా భయమే. పిల్లల్ని బడికి పంపకపోవడం తర్వాతది. అన్నిటికంటే ప్రమాదమైంది యువకులు కర్రలు పట్టుకుని రాత్రి గస్తీ మొదలుపెట్టడం. ఆ వేసవిలో తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో ఇది జరిగింది. చూడటానికి బాధ్యతగా కనబడుతుంది. కానీ గస్తీ అంటే పదిహేను మంది ఇళ్లలోంచి బయటికొచ్చి, ఒకరికొకరు కనబడుతూ, చేతిలో కర్రతో, ఎవరో ఒకరి కోసం ఎదురుచూడటం. కింది మెట్లు అప్పటికే ఎక్కేశారు. వారం రోజులు నిద్ర మానుకుని తిరిగినా ఎవరూ దొరక్కపోతే, పుకారు తప్పని ఒప్పుకోవడం కంటే ఎనిమిదో రోజు రాత్రి కనబడ్డ బాటసారిని దొంగ అనుకోవడం తేలిక.

2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది, ఫార్వర్డ్ అయిన సందేశానికి ఆ ముద్ర కనబడేలా చేసింది. 2020 ఏప్రిల్‌లో బాగా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది, అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని చెప్పింది. కరాచీ వీడియోలాంటి దూరాభారం నుంచి వచ్చే సరుకును ఇది నిజంగానే నెమ్మదింపజేస్తుంది. ముర్కి వీడియోను మాత్రం ఇది ఆపగలిగేది కాదు. అది అప్పుడే తీసింది, తెలిసినవాళ్ల గ్రూపులో తెలిసినవాళ్లే పెట్టింది. ఎక్కడినుంచో వచ్చిన ఫార్వర్డ్ గాలి తయారుచేస్తుంది, పక్క ఊరి తాజా వీడియో నిప్పు పెడుతుంది. మొదటిదానికి కంపెనీ చేసే కట్టడి పనికొస్తుంది. రెండోదానికి ఆ ఊళ్ల మధ్య ఉన్న మనుషులే కావాలి.

మనుషుల ద్వారా ఆపే ప్రయత్నం కూడా ప్రతిచోటా ఫలించలేదు. త్రిపురలో 2018 జూన్ చివర్లో ఒక పదకొండేళ్ల పిల్లాడి శవం దొరికింది. మూత్రపిండాలు తీసేశారని పుకారు లేచింది. అది అబద్ధమని చెప్పడానికి ప్రభుత్వం మైకుతో మనుషుల్ని ఊళ్లకు పంపింది. జూన్ 28న సబ్రూమ్ ప్రాంతంలోని కలాచ్ఛరాలో అలా పుకారు నమ్మొద్దని చెప్తూ తిరుగుతున్న ముప్పైమూడేళ్ల మనిషినే పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని కొట్టి చంపారు.

గద్వాలలో చేసిందీ పైకి చూస్తే అదే పని, ఊరూరా తిరిగి చెప్పడం. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి చేతిలో గద్వాల, వనపర్తి రెండు జిల్లాలూ ఉండేవి, నాలుగు వందలకు పైగా ఊళ్లు. ఒక్కో కానిస్టేబుల్‌కు కొన్ని ఊళ్లు అప్పగించి, తరచూ వెళ్లి జనంతో కూర్చునే ఏర్పాటు చేసింది. మంచాల సంగతి తెలిసింది ఆ ఏర్పాటువల్లే. వీడియోల గుట్టు తెలిశాక పోలీసులు దండోరా వేయించారు, డప్పు కొట్టించారు, జానపద కళాకారులతో పాటలు కట్టించి పాడించారు. ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో కానిస్టేబుళ్లు చేరారు. అనుమానం వస్తే కొట్టొద్దు, మాకు ఫోన్ చెయ్యండని నంబర్లు ఇచ్చారు. కొత్తవాళ్లను పట్టుకుని నిలబెట్టిన సందర్భాలు అక్కడా వచ్చాయి, పోలీసులు వెళ్లి విడిపించారు. ఆ పుకారువల్ల ఆ జిల్లాల్లో ఎవరి ప్రాణమూ పోలేదు. అదే వేసవిలో తెలంగాణలోనే మరికొన్ని చోట్ల పోయాయి.

ఒకే మందు ఒకచోట ఎందుకు పనిచేసింది, ఇంకోచోట ఇచ్చినవాణ్నే ఎందుకు బలితీసుకుంది? నా లెక్కలో తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది సమయం. గద్వాలలో మంచాల దశలోనే వెళ్లారు, జనంలో భయం ఉంది గానీ కర్రలు చేతికి రాలేదు. త్రిపురలో పిల్లాడి శవం దొరికి రెండు రోజులే అయింది, పుకారు మంచి కాకమీద ఉంది. రెండోది, చెప్పింది ఎవరన్నది. త్రిపురలో తెలియని బండి వచ్చింది, తెలియని మనుషులు దిగారు, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. పుకారు ఎవరి గురించి హెచ్చరించిందో వాళ్ల రూపంలోనే ఖండన వచ్చి నిలబడింది. గద్వాలలో ఆ మాట చెప్పింది ఊరికి నెలలుగా వస్తున్న కానిస్టేబుల్, తమ యాసలోనే పాడే డప్పు కళాకారుడు. పుకారు మా పిన్ని పేరుతో వచ్చినప్పుడు దాన్ని కాదనడానికి కూడా పిన్నిలాంటి మనిషే కావాలి. సంస్థ ముద్రతో వచ్చే నిజ నిర్ధారణ ప్రకటన చదివే మనలాంటివాళ్లకు ఉపయోగం, రాత్రి తొమ్మిదికి కూడలిలో నిలబడ్డవాడిదాకా అది రాదు.

ముర్కి ఘటన జరిగిన నాలుగు రోజులకు, 2018 జూలై 17న, సుప్రీంకోర్టు మూకదాడుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి అధికారిని దీనికోసం ప్రత్యేకంగా నియమించమంది. నియమించడం మొదటి అడుగు. ఆ అధికారికి మంచాలు లోపలికి వెళ్లిన సంగతి చెప్పే మనిషి ఊళ్లో ఉన్నాడా లేడా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది.

ముర్కి గురించి చదివిన ప్రతిసారీ నేను హండికేర దగ్గరే ఆగిపోతాను. ఆ స్నేహితుల్లో ఒకరిది ఆ ఊరే. అతని వాళ్లెవరో, ఇల్లెక్కడో తెలిసినవాళ్లు అక్కడ తప్పకుండా ఉంటారు. వీడియో తీసినవాడి దగ్గర ఎలాంటి ఫోన్ ఉందో వాళ్ల దగ్గరా అలాంటిదే ఉంటుంది, బహుశా అవే గ్రూపులు కూడా. "కారులో వస్తున్నది ఫలానావాళ్ల అబ్బాయి స్నేహితులు, మనవాళ్లే, ఆపొద్దు" అనే ఒక్క వాయిస్ మెసేజ్, ఆ వీడియో వెళ్లిన దారిలోనే, వెంటనే వెళ్లి ఉండాల్సింది. కారు ముర్కి చేరేలోపు దానికి సమయం ఉంది.